నొక్కి చూసిన మందు

ఊరికే పడి ఉన్న యంత్రమంటే మా అన్నయ్యకు నమ్మకం లేదు. ఒక ఆసుపత్రి నేలమాళిగలో జనరేటర్లు చూసుకుంటూ ఉద్యోగమంతా గడిపాడు. కరెంటు పోయినా పోకపోయినా వారానికోసారి వాటిని నడిపించేవాడు. పొగ రంగు చూసేవాడు, బ్యాటరీల్లో నీళ్ళు పోసేవాడు, డీజిల్ ఎంతుందో కొలిచేవాడు. పైన ఆపరేషన్ గదిలో లైటు ఒక్కసారి మినుకుమన్నా ఆ పూట అన్నం సహించేది కాదు. ఆయన పనిచేసినన్నాళ్ళూ ఆ జనరేటర్లు మొరాయించలేదు. ఆ మాట రోజుకోసారైనా మాకు చెప్పకుండా ఉండేవాడు కాదు.

రిటైరయ్యాక ఆ జబ్బంతా ఇంటికి తెచ్చాడు. వాడని తాళాలన్నీ తీసి వేసి చూసేవాడు. అటకమీది పాత ఫ్యానును దించి తిప్పేవాడు. పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్ కూడా వదల్లేదు. తలుపు తీసినవాళ్ళకు "మోగుతుందా లేదా అని" అని చెప్పి వచ్చేవాడు. నేను పెళ్ళీ పెటాకులూ లేకుండా అన్నయ్య ఇంట్లోనే స్థిరపడిన చెల్లెల్ని కాబట్టి ఆ బెల్లు తాలూకు చీవాట్లు నాకే వచ్చేవి.

ఆయన కొడుకు రైలింజను నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇంతే ఉండి నోరు మాత్రం ఘాటు, అందుకని మేమంతా మిరియం అనేవాళ్ళం. ఆ పిల్లకు మూడేళ్ళప్పటి నుంచి ఫిట్స్. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో అవే ఆగిపోయేవి. ఒకసారి ఆగలేదు. అప్పుడు పిల్లల డాక్టరు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసిచ్చింది.

దాన్ని ఎలా వాడాలో ఆసుపత్రి నర్సు అన్నయ్యనూ కోడల్నీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. అన్నయ్య ముందు వరుసలో కూర్చున్నాడు, ఆమె ఆగిన చోటల్లా ప్రశ్న వేశాడు. కొత్త సీసా తెరిచినప్పుడు ముందు గాలిలోకి నొక్కాలి, సన్నటి తుంపర వచ్చాకే అది సిద్ధమైనట్టు. ఫిట్స్ మొదలవగానే గడియారం చూడాలి, పిల్లను పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే మందు. మిరియం బరువుకు ఒక్కో ముక్కు రంధ్రంలో నాలుగేసి నొక్కులు. మందిచ్చాక ఐదు నిమిషాల్లో ఆగకపోయినా, ఊపిరిలో తేడా కనిపించినా అంబులెన్సు పిలవాలి. రెండో మోతాదు సొంతంగా ఇవ్వకూడదు.

ఇంటికొచ్చాక కోడలు సీసా తెచ్చి అన్నయ్య చేతిలోనే పెట్టింది. నా చేతిలో పెట్టలేదు, నేను నొచ్చుకోనూ లేదు. నాకు ఇంజెక్షన్ చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. అన్నయ్య మాత్రం మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టు నిటారుగా నడిచాడు. తల్లీ తండ్రీ డ్యూటీకి పోతే పిల్ల ఆయన పూచీ. దానికోసమే పొద్దున్నే లేచేవాడు, దానికోసమే సినిమాలు మానేశాడు. ఆ మనిషికి ఇంక మిగిలిన గౌరవమంతా ఆ పూచీలోనే ఉంది.

ఆయన ఏం చేశాడో మాకు తర్వాత తెలిసింది. జనరేటరును వారానికోసారి చూసేవాడు కదా, మనవరాలు జనరేటరు కన్నా ఎక్కువ కాబట్టి స్ప్రేను రోజూ చూశాడు. పొద్దున్నే బాల్కనీలో నిలబడి, మూత తీసి, వెలుతురుకు ఎదురుగా రెండుసార్లు గాలిలోకి నొక్కేవాడు. తుంపర రాగానే మూత పెట్టి, సీసా తుడిచి, అలమారలో పెట్టేవాడు. అది ముదురు రంగు సీసా. లోపల ఎంత ఉందో బయటికి కనిపించదు. జనరేటరులో డీజిల్ కొలిచే మనిషికి ఈ సీసాను కొలవాలని తోచలేదు. నడుస్తుందా లేదా అన్నదే చూశాడు.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం మిరియం నేలమీద కూర్చుని బొమ్మకు రంగులు వేస్తోంది. చేతిలో క్రేయాను జారింది. కళ్ళు ఒక పక్కకు లాగేశాయి, ఒళ్ళు బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. అన్నయ్య ఒక్క క్షణం కూడా తత్తరపడలేదు. గడియారం చూశాడు, బల్ల పక్కకు జరిపాడు, తల కింద మడిచిన తువ్వాలు పెట్టాడు, మెడ దగ్గర బొత్తాం విప్పాడు. నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. ఆయన మాత్రం "తగ్గిపోతుంది బంగారం, తాతయ్య ఇక్కడే ఉన్నాడు" అని నెమ్మదిగా అంటూనే ఉన్నాడు.

తగ్గలేదు. ఐదు నిమిషాలు దాటాయి. సీసా తీసి ఒక ముక్కు రంధ్రంలో నొక్కాడు. ఒక తుంపర వచ్చింది, రెండోది సగం వచ్చింది. మూడోసారి బుస్సుమని గాలి వచ్చింది. సీసా విదిలించి మళ్ళీ నొక్కాడు. రెండో రంధ్రంలో నొక్కాడు. గాలే. అప్పుడు ఆయన ముఖం చూశాను. జీవితంలో మొదటిసారి ఆయన చేతిలో యంత్రం మొరాయించింది.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యి" అన్నాడు నాతో. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు.

అంబులెన్సు వచ్చేసరికి పిల్ల ఇంకా కొట్టుకుంటూనే ఉంది. పెదాలు నల్లబడుతున్నాయి. వచ్చిన అమ్మాయి ముందు ఆక్సిజన్ మాస్కు పెడుతూనే అడిగింది, మందేమైనా ఇచ్చారా, ఎంత ఇచ్చారని. ఇచ్చామన్నాడు అన్నయ్య. ఎంతో తెలియదన్నాడు. ఆమె ఖాళీ సీసా ఊపి చూసింది, తనతో వచ్చినతన్ని చేత్తో నొక్కి ఊపిరి పోసే బ్యాగూ మాస్కూ దగ్గర పెట్టుకోమంది. ఎంత లోపలికి వెళ్ళిందో తెలియకుండా ఇంకో మోతాదు ఇస్తే ఊపిరి మందగించవచ్చట. ఇవ్వకపోతే ఫిట్స్ ఆగదు. సూది లేని చిన్న సిరంజితో అదే మందును పంటి చిగురుకూ బుగ్గకూ మధ్య నెమ్మదిగా వదిలింది, సగం ఒక వైపు, సగం ఇంకో వైపు. కాసేపటికి కాళ్ళు చేతులు వదులయ్యాయి. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆమె అనుకోలేదు. ఛాతీ మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంది. దారిలో ఆ ఛాతీ లేవడం తగ్గిపోయింది. బ్యాగు నొక్కుతూ ఆ పిల్లకు ఊపిరి వాళ్ళు పోశారు.

ఆసుపత్రిలో కొన్ని రోజులు గొట్టాల మధ్య ఉంది మిరియం. మందు ఆలస్యమైందని డాక్టరు మెత్తగానే చెప్పింది. కొత్త సీసా అలా ఎలా అయిపోయిందని అడిగింది. అన్నయ్య చేతులు కట్టుకుని, పై అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడి, దాచకుండా చెప్పాడు.

"పనిచేస్తుందో లేదో అని రోజూ నొక్కి చూశానండీ."

 డాక్టరు, సీసాలో ఎన్ని నొక్కులుంటాయో మేమూ చెప్పి ఉండాల్సింది అంది. ఆ మాట మంచిదే గానీ నాకు ఒళ్ళు మండింది. గంటసేపు పాఠం చెప్పి, అది అయిపోయే వస్తువని ఒక్కమాట చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. కోడలు మామగారి వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని, కూతురి కాలు నిమురుతూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది. తిడితే ఆయనా నాలుగు మాటలని, ఏడ్చి తేలికపడేవాడు.

మిరియం ఇంటికొచ్చింది. నోరు మునుపటిలాగే ఉంది, కుడిచెయ్యి మాత్రం మునుపటిలా లేదు. క్రేయాను పట్టుకుంటే జారిపోతుంది. పూర్తిగా బాగవుతుందో లేదో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. కోడలు కొత్త సీసాలు రెండు తెచ్చింది. ఒకటి తన బ్యాగులో పెట్టుకుంది. రెండోది నా చేతిలో పెట్టి, ఎలా వాడాలో చెప్పి, ఒకటికి రెండుసార్లు నాచేత చెప్పించుకుంది. అన్నయ్య అక్కడే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పేపరు తలకిందులుగా లేదు గానీ, పేజీ మాత్రం తిప్పలేదు. తర్వాత కోడలు మామూలు గొంతుతోనే అంది.

"మామయ్యా, ఇకమీదట మీరు దీన్ని ముట్టుకోవద్దు."

సరేనమ్మా అన్నాడు. పిల్లను పగలు చూసుకోవడానికి వీధి చివర ఒకావిడను కుదిర్చారు. అన్నయ్య పొద్దున్నే లేవడం మానేశాడు. తాళాలు తుప్పు పట్టాయి. పక్కింటివాళ్ళు ఒకసారి ఆగి, మా బెల్లు పాడైంది, మీ అన్నయ్యగారు చూడరా అని అడిగారు. ఆయన్ని అడిగాను, ఓపిక లేదన్నారు అని నేనే రెండు మాటలూ అల్లి పంపేశాను.

ఒక ఆదివారం మిరియానికి మళ్ళీ ఫిట్స్ వచ్చింది. కోడలు ఇంట్లోనే ఉంది. గడియారం చూసి, ఐదు నిమిషాలయ్యాక తనే ముక్కులో మందు కొట్టింది, ఇటు నాలుగు, అటు నాలుగు. కాసేపటికి ఆగింది. కానీ పోయినసారి జరిగింది మనసులో ఉండి, అంబులెన్సు పిలిచి, వాళ్ళకు సందు చూపించడానికి కిందికి పరుగెత్తింది. పోతూ పోతూ "మీరు చూస్తూ ఉండండి అత్తయ్యా" అంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన్ని దాటుకుంటూనే వెళ్ళింది.

నేను చూస్తున్నాను. పిల్ల హాయిగా నిద్రపోతోందని దుప్పటి కప్పాను. గురక కూడా వస్తోంది. ఒక గుటక మంచినీళ్ళు తాగిద్దామా అని గ్లాసు అందుకున్నాను.

"నీళ్ళొద్దు" అన్నాడు అన్నయ్య. గడప దాటలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "పూర్తిగా తెలివొచ్చేదాకా ఏదీ ఇవ్వకూడదు. పొలమారుతుంది. దుప్పటి తీసెయ్, ఛాతీ కనపడాలి."

తీశాను.

"అది మామూలు గురక కాదు. వెల్లకిలా అయిపోయింది చూడు, పక్కకి తిప్పు. గడ్డం కొంచెం పైకెత్తు. ఊఁ. ఇప్పుడు ఊపిరి లెక్కపెట్టు. పెదాల రంగు చూస్తూ ఉండు. మధ్యమధ్యలో పేరు పెట్టి పిలువు."

గురక తగ్గింది. ఊపిరి సాఫీగా ఆడింది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. గుమ్మంలోంచి ఆయనా నాతోపాటు లెక్కపెడుతున్నాడు, గొంతు బయటికి రాకుండా, పెదాలు కదుపుతూ. రా అన్నయ్యా, వచ్చి దాని పక్కన కూర్చో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కొంతసేపటికి మిరియం కళ్ళు సగం తెరిచి, మత్తుగా, తాతయ్యా అంది. అప్పుడు కూడా రాలేదు. ఇక్కడే ఉన్నా అన్నాడు అక్కడి నుంచే.

అంబులెన్సువాళ్ళు వచ్చి చూసి, అన్నీ బాగానే ఉన్నాయి, అయినా ఒకసారి ఆసుపత్రిలో చూపించండి అన్నారు. పిల్లను దించుతుంటే కోడలు నా చెయ్యి పట్టుకుని, బాగా చూశారు అత్తయ్యా అంది. నాకు ఆ మెప్పు మింగుడుపడలేదు. నేను కాదు, మీ మామయ్యే చెప్పాడు, ప్రతి ముక్కా ఆయనే చెప్పాడు అన్నాను, ఆయనకు వినిపించేలాగే.

కోడలు మెట్ల మీద ఆగింది. ముఖంలో కోపమేమీ లేదు.

"తెలుసత్తయ్యా. మనందరిలోకీ ఆయనకే బాగా తెలుసు" అంది. "అప్పుడు కూడా అంతే కదా."

అన్నయ్య గుమ్మంలోంచి తప్పుకుని వాళ్ళకు దారి ఇచ్చాడు.