చదవని ఐదు లైన్లు

ఆ పాలిటెక్నిక్ కాలేజీ ఆఫీసులో ఆమెను అందరూ ‘ఐదు లైన్లక్క’ అనేవారు. ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్నవాళ్ళకి ఇంటర్వ్యూ కబురు పంపడం ఆమె పని. ఎప్పుడు, ఎలా, ఎంతసేపు, ఎదుట ఎవరెవరు కూర్చుంటారు, ఏ కాగితాలు తేవాలి. ఇవన్నీ ఐదు లైన్లలో ఇమిడ్చేది. ఆరో లైను రాయాల్సి వస్తే, చీర కుచ్చిళ్ళు సరిగా రానట్టు మళ్ళీ మొదటి నుంచీ సర్దేది.

ఆమె బల్ల కిటికీ పక్కన. పొద్దున్నే ఎండ కీబోర్డు మీదికి వచ్చి అక్షరాల మీద కాసేపు కూర్చుని లేచిపోయేది. ఆ వెలుతురులో పదకొండేళ్ళుగా ఆమె వేళ్ళు ఎవరెవరి జీవితాలకో తేదీలు వేశాయి. ల్యాబ్ అసిస్టెంట్లు, డ్రాయింగ్ మాస్టర్లు, లైబ్రరీ క్లర్కులు, ఒకసారి ఒక ప్రిన్సిపల్ కూడా ఆమె పంపిన లైన్లు పట్టుకునే మెట్లెక్కి వచ్చారు. ఆమె మాత్రం కాంట్రాక్టు మనిషి. జీతం కాలేజీ ఇవ్వదు, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ ఇస్తుంది.

మెసేజ్ సరిగ్గా చదవనివాళ్ళంటే ఆమెకి మహా చిరాకు. అసలు సర్టిఫికెట్లు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్ళు, పదిన్నరకి రమ్మంటే పదకొండుకి వచ్చినవాళ్ళు బల్ల ముందు నిలబడి చెమటలు తుడుచుకునేవారు.

“అన్నీ అందులోనే ఉన్నాయి కదండీ. చూసుకోవద్దా?” అనేది. గొంతు పెంచేది కాదు. తల కూడా పూర్తిగా ఎత్తేది కాదు.

ఈ ఏడాది ఆమె కూర్చునే కుర్చీకే పర్మినెంటు పోస్టు మంజూరైంది. ఆఫీసు అసిస్టెంటు. ఆ కుర్చీలోకి ఎవరొచ్చినా ఈ నెలాఖరుతో కాంట్రాక్టు రద్దు. అంటే ఆ వచ్చేది ఆమే కావాలి, లేకపోతే ఆమె ఇంటికి పోవాలి. అప్లికేషన్ పెట్టింది. వడపోత తర్వాత ఆరుగురు మిగిలారు. ఆరుగురిలో ఆమె ఒకరు.

శుక్రవారం అలవాటు ప్రకారం మెసేజ్ ముసాయిదా ఆమే తయారుచేసింది.

‘ఆఫీసు అసిస్టెంటు పోస్టుకు ఇంటర్వ్యూ.
18 గురువారం, ఉదయం 10.30. ఒక్కొక్కరికి 20 నిమిషాలు.
నేరుగా హాజరు కావాలి. రెండో అంతస్తు, సమావేశ గది.
ప్యానెల్: ప్రిన్సిపల్, పరిపాలనాధికారి, బయటి సభ్యురాలు.
తేవలసినవి: అసలు సర్టిఫికెట్లు, అనుభవ పత్రం, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, జిరాక్సులు ఒక సెట్టు.’

పరిపాలనాధికారి అది చూసి తలూపాడు. శనివారం పొద్దున మాత్రం కళ్ళజోడు తీసి తుడుస్తూ అన్నాడు:

“అమ్మా, ఈ ఫైలు మీ దగ్గర ఉండకూడదు. అభ్యర్థే మిగతా అభ్యర్థులకి కబురు పంపితే రేపు ఎవరైనా కంప్లైంటు రాస్తారు. స్టోర్సు గుమాస్తాకి ఇచ్చేయండి. దీని గురించి మీరు అడగొద్దు, అతను చెప్పడు.”

“అలాగే సార్,” అందామె. సంతోషంగానే అంది. పద్ధతి పద్ధతే. ఫైలు తీసుకెళ్ళి స్టోర్సు గుమాస్తా చేతిలో పెట్టింది.

“అక్కా, నాకు సున్నపు బస్తాలు లెక్కపెట్టడమే వచ్చు. ఈ రాతకోతలు నా వల్ల అయ్యేనా?”

“రాయడానికేం లేదు తమ్ముడూ. అంతా రాసిపెట్టాను. పంపడమే.”

సోమవారం మధ్యాహ్నం ఆమె ఫోను చిన్నగా మోగింది. ఆఫీసు నంబరు. తెర మీద మొదటి లైను కనిపించింది: ‘ఆఫీసు అసిస్టెంటు పోస్టుకు ఇంటర్వ్యూ.’ తను రాసిన లైనే. ఎవరో తన చేతి వంట తనకే వడ్డించినట్టు ఆమెకి నవ్వొచ్చింది. ఫోను బోర్లా పెట్టి పనిలో పడింది. తెరవలేదు. తెరిచి చూడ్డానికేముంది? ఒక్కో అక్షరమూ తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర భర్తకి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

“నేను రాసిందే నాకొచ్చిందండీ.”

“మరి జవాబులు కూడా నువ్వే రాసి పెట్టుకో. ఓ పనైపోతుంది.”

“నవ్వండి. అనుభవ పత్రం మాత్రం ఇంకా లేదు. బుధవారం ఒక పూట సెలవు పెట్టి ఏజెన్సీకి వెళ్ళాలి.”

ఆమెకి తెలియనిది ఒకటుంది. ఆదివారం బయటి సభ్యురాలు స్నానాల గదిలో జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. సోమవారం పొద్దున పరిపాలనాధికారి ఎర్ర పెన్నుతో ముసాయిదాని దిద్ది గుమాస్తాకిచ్చాడు. గుమాస్తా బస్తాలు లెక్కపెట్టే శ్రద్ధతోనే దాన్ని కొట్టి ఆరుగురికీ పంపాడు. మొదటి లైను అలాగే ఉంది. కింద మారింది: 17 బుధవారం, ఉదయం 11. వీడియో ద్వారా, లింకు ఇదీ. సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు మంగళవారం సాయంత్రం ఐదులోపు పంపాలి. అసలైనవి కెమెరా ముందు చూపాలి.

మంగళవారం ఆమె సెలవు చీటీ పెడితే పరిపాలనాధికారి మారు మాట లేకుండా సంతకం చేశాడు. ఇంట్లో కూర్చుని వీడియోలో మాట్లాడ్డానికే అనుకున్నాడు. ఐదయ్యింది. ఐదుగురి కాపీలు వచ్చాయి. గుమాస్తా ఆయన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరే ఆగాడు.

“సార్, అక్క కాగితాలు రాలేదు. ఓ మాట చెప్పనా?”

“ఇంకెవరివైనా రాకపోతే ఫోన్ చేసి చెప్పేవాడివా?”

“లేదు సార్.”

“మరి? రేపటికి సెలవు పెట్టింది. ఆవిడకి తెలుసులే. కాగితాలు కెమెరా ముందు చూపించినా ఒప్పుకుందాం.”

గుమాస్తా బయటికొచ్చాడు. ఆమె బల్ల మీద కాగితాలకి గుండుసూదులు గుచ్చుతోంది. అతను ఆమె పక్క నుంచే నడిచి తన గదికి పోయాడు.

బుధవారం పదిన్నరకి ఆమె ఏజెన్సీ ఆఫీసులో బెంచీ మీద ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం వేరే ఎవరికో పంపుతున్నట్టుంది. మేనేజరు పత్రం రాసిచ్చాడు, కానీ స్టాంపు ప్యాడ్ ఎండిపోయింది.

“స్టాంపు లేకపోయినా చెల్లుతుందిగా మేడమ్?”

“చెల్లదండీ. నేనే ఎంతమందిని వెనక్కి పంపానో.”

సిరా తేవడానికి మనిషి వెళ్ళాడు. పదకొండైంది. ఆమె ఫోను సంచిలో ఉంది, దాన్నెవరూ మోగించలేదు. కాలేజీ రెండో అంతస్తులో ప్రిన్సిపల్, పరిపాలనాధికారి తెర ముందు కూర్చున్నారు. తెరలో ఒక మూల కాలికి కట్టుతో బయటి సభ్యురాలు. అభ్యర్థుల వరసలో ఐదు లైన్లక్కదే మొదటి పేరు. పేరు పిలిచారు. తెరలో ఆమె కనిపించాల్సిన చోటు నల్లగానే ఉంది. పది నిమిషాలు చూసి రెండోవాళ్ళని పిలిచారు. చివర్లో ఇంకోసారి చూశారు. ఒంటిగంటకి పట్టికలో ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆమె పేరు ఎదుట ‘గైర్హాజరు’ అని ఉంది.

సరిగ్గా ఆ వేళకి ఆమె తడి ఆరని ఊదారంగు ముద్రని ఊదుకుంటూ కాలేజీ ముందు బస్సు దిగింది. ప్లాస్టిక్ కవరులో పత్రం. మొహంలో ఎండ, ఎండలో నవ్వు.

స్టోర్సు గుమాస్తా మెట్ల దగ్గర ఎదురయ్యాడు. “ఏంటక్కా, నెట్ రాలేదా?”

“నెట్టేంటి?”

“ఇంటర్వ్యూ... పదకొండింటికి...”

“రేపు కదా.”

అతను అడ్డంగా తలూపాడు. ఆమె సంచిలోంచి ఫోను తీసింది. సోమవారం నాటి మెసేజ్ పక్కన, చదవలేదన్న గుర్తుగా, చిన్న నీలం చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. నొక్కింది. మెట్ల మీదే నిలబడి చదివింది. రెండుసార్లు. పక్క నుంచి పిల్లలు దిగుతున్నారు, ఎక్కుతున్నారు, భుజాలు తగులుతున్నాయి.

“నిన్న నా పక్కనుంచే వెళ్ళావు కదా తమ్ముడూ.”

“చెప్పొద్దన్నారక్కా.”

“నేనైనా చెప్పేదాన్ని కాదులే,” అందామె. అది ఓదార్పో, తిట్టో అతనికి తెలియలేదు.

పరిపాలనాధికారి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

“తేదీ మార్చారని ఒక్క ముక్క...”

“మెసేజ్ అందినట్టు రిపోర్టు ఉందమ్మా. మిగతా ఐదుగురూ చదువుకున్నారు.”

“వాళ్ళకి అందులో ఏముందో తెలియదు సార్. అందుకని చదివారు.”

ఆయన చెడ్డమనిషి కాదు. టేబుల్ మీద పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ జరిపాడు.

“మళ్ళీ ఓ ఇరవై నిమిషాలు...” అందామె.

“సంతకాలైపోయాయి. ఇప్పుడు తెరిస్తే మీకోసం తెరిచినట్టవుతుంది. రూల్సు మీకు నేను చెప్పాలా?”

అక్కర్లేదు. ఆమె బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. కిటికీ ఎండ అప్పటికి గోడ దాటిపోయింది.

ఇంట్లో భర్త ఆమె నీలం చీర ఇస్త్రీ చేసి కుర్చీ వీపు మీద వేసి ఉంచాడు.

“రేపు పదిన్నరకేగా?”

“అయిపోయింది.”

“ఇవాళే పెట్టేశారా! ఏమడిగారు?”

“ఏమీ అడగలేదు.”

ఆయన ఆమె మొహం చూశాడు. విషయం చెప్పింది. ఐదు లైన్లు కూడా పట్టలేదు.

“పొద్దస్తమానం ఫోన్లో ఉంటారు జనం. నీకొచ్చిన ఒక్క మెసేజ్ నువ్వు చూడవా?” అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆయన వెళ్ళి ఆగి ఉన్న ఫ్యాను స్విచ్చుని రెండు మూడుసార్లు నొక్కి చూశాడు. కరెంటు లేదు, అంతే.

శుక్రవారం పరిపాలనాధికారి ఒక కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

“ఎంపికైన అమ్మాయికి కబురు పంపాలి. ఇక మీరే పంపొచ్చు. ఇప్పుడు మీరు అభ్యర్థి కాదు కదా.”

ఆయన మామూలుగానే అన్నాడు. ఆ మాట ఎక్కడ తగిలిందో ఆయనకి తెలియదు. ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. పోస్టు పేరు. చేరే తేదీ, వచ్చే నెల ఒకటి. సమయం. ఎవరికి రిపోర్టు చెయ్యాలి. తేవలసిన కాగితాలు. వేళ్ళు వాటంతటవే నడిచాయి. పంపింది.

తర్వాత ఎన్నడూ చేయని పని చేసింది. ఫోను ఎత్తి ఆ నంబరు కలిపింది.

“కాలేజీ ఆఫీసు నుంచమ్మా. నువ్వు సెలెక్ట్ అయ్యావు.”

అవతల అమ్మాయి కేక పెట్టింది, ఎవర్నో పిలిచింది, థాంక్స్ మేడమ్ అని నాలుగుసార్లు అంది. ఆమె ఫోను చెవి నుంచి కాస్త దూరం పెట్టుకుని అదంతా అయ్యేదాకా ఆగింది.

“సరేనమ్మా. మెసేజ్ పంపాను, వచ్చిందా?”

“వచ్చింది మేడమ్, ఇప్పుడే.”

“తెరిచావా?”

“తర్వాత చూస్తాను మేడమ్, ముందు మా అమ్మకి...”

“ఇప్పుడు తెరువు.”

పరిపాలనాధికారి గుమ్మం దగ్గర ఆగి చూస్తున్నాడు. “ఇలా ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యడం మన పద్ధతి కాదమ్మా,” అన్నాడు మెల్లగా.

ఆమె అటు తిరగలేదు.

“పైకి చదువమ్మా,” అంది ఫోనులో. “మొదటి లైను కాదు, అది అందరూ చూస్తారు. రెండో లైను నుంచి చదువు. నేను వింటాను.”