నాలుగో స్లైడు

ఇందుకూరుపేట సెంటర్లో ఎరువుల కొట్టు మీద మేడ ఎక్కితే సాహిరా పనిచేసే ఆఫీసు. రొయ్యల గుంటల్లో సెన్సర్లు దించి, నీటి సంగతి ఎప్పటికప్పుడు రైతు ఫోనుకు పంపే చిన్న కంపెనీ అది. అందులో సాహిరా ఉద్యోగానికి పేరేమిటో ఆమెకే సరిగా తెలియదు. వాళ్ల నాన్న బడేసాహెబ్ అల్లూరులో దర్జీ. కూతురు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "అంకెలకి మాటలు కుడుతుంది" అంటాడు. అంతకంటే బాగా చెప్పడం కష్టమే.

పని చూడటానికి తేలికే. సెన్సర్ల అంకెలు చూపించే డ్యాష్‌బోర్డు తెరలను స్క్రీన్‌షాట్లు తీసి వరసగా స్లైడ్లలో పెట్టాలి. ఒక్కో స్లైడుకు ఏ అంకె ఎక్కడుందో, దానర్థం ఏమిటో, దాన్ని చూసి రైతు ఏం చెయ్యాలో రాసి, తన గొంతుతోనే చదివి రికార్డు చెయ్యాలి. హెడ్డాఫీసు వాళ్లు పంపిన వివరణ చదివితే నిద్ర ముంచుకొస్తుంది. సాహిరా రాస్తే పక్కింటి ఆడబిడ్డ అరుగు మీద కూర్చుని చెప్పినట్టుంటుంది. ఆ పేరు ఆమెకు వచ్చింది. అది కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

మొత్తం పదకొండు స్లైడ్లు. మర్నాడు పదింటికి నూట నలభై మంది రైతుల మీటింగులో వెయ్యాలి. మొదటి ఆరూ రికార్డయిపోయాయి. మెచ్చుకోలు కాస్త ముందే వినాలని, ఆ పొద్దున ఎవరినీ అడక్కుండా వాటిని ఇరవై మంది రైతులకు వాట్సాప్‌లో పంపేసింది.

మధ్యాహ్నం మూడున్నర. ఏడో స్లైడు రాస్తోంది. కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే అంకె అది. ఎంత తక్కువుంటే అంత మంచిది. కానీ పక్కనే ఉన్న బాణం పైకి చూస్తుంటే రైతు పెరిగిందని మురిసిపోతాడు. అది ఎలా సర్దాలా అని పెన్ను కొరుకుతుండగా ఫోను మోగింది. మైపాడు దారిలో గుంట ఉన్న చిన్నపోలయ్య వాయిస్ మెసేజి పెట్టినాడు.

"అమ్మా సాహిరా, శానా బాగా చెప్పినావు. ఆక్సిజన్ పచ్చగా ఉంటే బెంగ లేదన్నావు గదా. నాది పచ్చగానే ఉండాదంట, నరసయ్య చూసి చెప్పినాడు. ఈ పూట నుంచి రాత్రికి రెండు ఏరేటర్లు ఆపేయమన్నా. నాలుగూ తిప్పీ తిప్పీ మోటర్లు కాలిపోతుండాయి. నీ పుణ్యం."

సాహిరా పెన్ను పక్కన పడేసింది. నాలుగో స్లైడు తెరిచింది. పెద్ద అంకె, 5.4, ఆకుపచ్చ గడిలో. కింద చీమ తలకాయంత అక్షరాల్లో "24 గంటల సగటు" అని ఉంది. అది బొమ్మలో ఉంది, ఆమె చదివిన మాటల్లో లేదు. బొమ్మలో కనిపించేదాన్ని మళ్లీ చదవడమెందుకులే అనుకుంది. పోలయ్యకు రెండు కళ్లలోనూ పొర. ఆయన బొమ్మ చూడడు, మాటే వింటాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

పోలయ్య గుంట గ్రాఫు తీసింది. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది దాటింది. ఎండ ఉన్నంతసేపూ నీటిలోని పాచి ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి అప్పుడు ఎప్పుడూ అంతే. చీకటి పడ్డాక ఆ పాచీ, రొయ్యలూ అన్నీ కలిసి దాన్నే పీల్చుకుంటాయి. తెల్లవారుజామున అయిదింటికి 2.8 ఉంది. మూడు కిందికి దిగితే రొయ్యకు గండమే. అది నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు నాలుగూ తిరుగుతుండగా. రెండు ఆపితే ఎంతకు పడుతుందో గ్రాఫు చెప్పదు, సాహిరా ఊహించగలదు. అరవై రోజుల రొయ్య తెల్లారేసరికి చచ్చి గుంట అడుక్కు చేరుతుంది.

ఫోను చేసింది. స్విచ్చాఫ్. ఆయన గుంట పనులు చూసే నరసయ్య నంబరు ఆమె దగ్గర లేదు. మేనేజరు గిరిబాబు గదిలోకి పరిగెత్తింది.

"సార్, నాలుగో స్లైడు తప్పు. నేనే తప్పు చెప్పినాను. ఇరవై మందికి పంపినాను."

గిరిబాబు ఆసాంతం విని కళ్లజోడు తీసినాడు. చెడ్డవాడేం కాదు, మీటింగంటే మాత్రం ప్రాణం వణుకుతుంది.

"బొమ్మలో రాసే ఉంది గదా సాహిరా. మన తప్పెట్టా అవుతుంది? ఇప్పుడు తప్పని మెసేజి పెడితే రేపు మీటింగులో మన మొహం ఎవురు చూస్తారు? రేపు మాటల్లో సర్దేద్దాంలే."

"రేపటికి గుంట ఉండాలి గదా సార్."

ఆయన జవాబు కోసం ఆగలేదు. మెట్ల మీదే నిలబడి ఇరవై మందికీ రికార్డు చేసింది: "నేను సాహిరాని. పొద్దున నేను చెప్పింది తప్పు. ఆకుపచ్చ చూసి ఎవురూ ఏరేటర్లు ఆపొద్దు." తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేసింది. పంతొమ్మిది మంది దొరికినారు. ఇద్దరు నవ్వినారు, ఒకాయన తిట్టినాడు. పోలయ్య ఫోను మాత్రం మూగదే.

స్కూటీ తీసింది. మైపాడు రోడ్డు మీద ఎదురుగాలి. మేత బస్తాల ఆటో ఒకటి దారివ్వక నడిరోడ్డు మీద నింపాదిగా పోతుంటే హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తన గొంతే తన వెనకాల తరుముకొస్తున్నట్టుంది. అంత చక్కగా చదవకపోయి ఉంటే ఆయన నమ్మేవాడు కాదేమో అనిపించి ఏడుపొచ్చింది.

గుంట గట్టు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆ వేళకు నాలుగు ఏరేటర్ల చక్రాలూ నీళ్లు చిమ్ముతుండాలి. రెండే తిరుగుతున్నాయి. షెడ్డు ముందు మంచం మీద పోలయ్య తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. ఫోను లోపల చార్జింగులో ఉంది.

"మామా, ఆ రెండూ వెయ్యించు. ముందు వెయ్యించు, తర్వాత చెప్తా."

నరసయ్య స్విచ్చి వేసినాడు. సాహిరా వచ్చిన సంగతి చెప్పింది.

"నువ్వే గదమ్మా చెప్పినావు," అన్నాడు పోలయ్య. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే ఆమె ఇంకాస్త సుఖంగా ఉండేది.

"నేనే చెప్పినా. తప్పు చెప్పినా. ఆ అంకె సగటు మామా."

"సగటంటే?"

సాహిరా అక్కడే గట్టు మీద కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఎంత, తెల్లారుజామున ఎంత, రెంటినీ కలిపి పంచితే ఎంత. పోలయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"అంటే మజ్జేనం కడుపు నిండా తినింది చూపించి, తెల్లార్లూ పస్తున్న సంగతి దాచిపెడతందన్నమాట ఆ పచ్చగడి."

ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు ఫోనులో రాసుకుంది.

మర్నాడు తెల్లవారుజామున అయిదుంబావుకు మెసేజి మోగింది. పోలయ్య గొంతు, వెనకాల నాలుగు చక్రాల హోరు. "నరసయ్య చేత మీటరు చదివించినా. రెండూ పాయింటు ఆరంటమ్మా. నాలుగూ తిరగతానే."

నాలుగూ తిరుగుతూనే అంతకు పడిపోయింది. సాహిరా మంచం మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, నాలుగో స్లైడు పాత రికార్డు తీసేసి, కొత్తది మొదలుపెట్టింది.

"ఈ స్లైడు కళ్లు మూసుకుని వినండి. నిన్న ఇదే స్లైడులో నేను మీలో ఇరవై మందికి తప్పు చెప్పినాను."