బజ్జీల రామ్‌దాస్‌కు స్వాగతం

ఎస్తర్ మేడం చేతికి మైకు దొరికితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. బోధన్‌లోని ఆ హైస్కూల్లో ఆమె తెలుగు చెబుతుంది. పోయిన ఏడాది వార్షికోత్సవంలో ముఖ్య అతిథిని పరిచయం చేస్తూ ఆయన బట్టతల మీద ఒక మాట విసిరింది. పందిరంతా నవ్వింది. అతిథీ నవ్వాడు. నవ్వుతూనే భోజనం చేయకుండా కారెక్కి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆమె మైకు పట్టుకుంటే చాలు, హెడ్మాస్టర్ పరమేశ్వర్ సారుకు బీపీ లేస్తుంది.

"ఈసారి గూడ మీరే పరిచయం చెయ్యిండ్రి మేడం. నవ్వియ్యిండ్రి, వద్దంటలేను. గని ఎవ్వరు మొహం దించుకోవద్దు. ఈసారి గూడ గట్లయితే వచ్చే ఏడు మైకు లెక్కల సారుకే" అన్నాడాయన.

ఈ ఏటి అతిథి బజ్జీల రామ్‌దాస్. చక్కెర ఫ్యాక్టరీ మూతబడి పని పోయాక, బడి గేటుకు ఎదురుగా మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నాడు. బండి హోటలైంది. మొన్న ఎండల్లో పిల్లలు నీళ్ల కోసం పక్కిళ్ల తలుపులు కొట్టడం చూసి, బడికి మంచినీళ్ల ట్యాంకు కట్టించాడు. ఆయన మనవరాలు అంకిత ఇక్కడే ఏడో తరగతి. అతిథిగా ఆయన్ను పిలవాలని స్టాఫంతా ఒక్క మాట మీద నిలబడ్డారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుని, ఎస్తర్ ఈసారి ప్రసంగాన్ని ముందే అతిథికి వినిపించడానికి హోటలుకు వెళ్లింది. "మా అతిథి చదివింది నాలుగో తరగతి. కానీ ఆయన మిర్చి మీద ఊరంతా పీహెచ్‌డీ చేసింది!" అని చదివి, ముందుగా తనే నవ్వింది. రామ్‌దాస్ కూడా పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. కానీ జల్లిగరిటె నూనెలో అట్లాగే ఆగిపోయింది. బజ్జీలు మాడిపోయాయి.

"మంచిగుంది మేడం" అన్నాడు. మాడిన బజ్జీలను పక్కకు తీస్తూ, "గని ఆ దినం నవీపేట్‌ల పెండ్లి ఆర్డరున్నది. నేను రానేమో" అన్నాడు.

నిన్నటిదాకా లేని పెళ్లి ఇవాళ ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బట్టతలాయన నవ్విందీ ఇదే నవ్వు. మనవరాలు తన దోస్తుల మధ్య కూర్చుని వినే చోట తాత చదువును నవ్వులపాలు చేయబోయానే అని ఎస్తర్‌కు నిజంగా సిగ్గేసింది. ఆయన చూస్తుండగానే ఆ వాక్యం కొట్టేసింది.

"అన్నా, గిది పోయింది. ఇగ మీ మీద నవ్వియ్య. మీరు రోజు ఎవరిని సూసి నవ్వుకుంటరో గది చెప్పుండ్రి."

గరిటె మళ్లీ కదిలింది. "మీ సార్లను సూస్తేనే నవ్వొస్తది మేడం. పొద్దుగాల ప్రార్థనల బయటి తిండి తినొద్దంటరు. సాయంత్రం వచ్చి వరుసల నిలవడ్తరు. పెద్దసారైతే పేపరు అడ్డం పెట్టుకొని తింటడు. ఆ పేపరు తలకిందులుంటది!"

ఎస్తర్‌కు ప్రసంగం దొరికింది. కానీ ఈసారి నవ్వు హెడ్మాస్టర్ మీద పడుతుంది. అందుకని ఆయన దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చదివి వినిపించింది. సారు కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"చెప్పుండ్రి. గని ఎన్ని తిన్ననో చెప్పకుండ్రి. మా ఇంటామె ముందటి వరుసల్నే కూసుంటది."

వార్షికోత్సవం నాడు రామ్‌దాస్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. పెళ్లి ఆర్డరు ఏమైందని ఎవరూ అడగలేదు.

"బడి గంట కొడితే పిల్లలు లేస్తారు, ఈయన నూనెలో మిర్చి వేస్తే స్టాఫ్ రూం లేస్తుంది" అని మొదలుపెట్టింది ఎస్తర్. "బయటి తిండి వద్దని పొద్దున చెప్పే గొంతులే సాయంత్రం 'అన్నా, ఉల్లిగడ్డ జెర ఎక్కువెయ్' అంటాయి. మాలో ఒకరు పేపరును తలకిందులుగా పట్టుకుని కూడా చదవగల పండితులు! ఇన్నేళ్లుగా మా గుట్టు కాపాడుతూ, మా పిల్లల దప్పిక తీర్చిన పెద్దమనిషి రామ్‌దాస్ గారికి స్వాగతం!"

పందిరి దద్దరిల్లింది. ఆ పండితుడు నేనేనంటూ పరమేశ్వర్ సారు లేచి అందరికీ దండం పెట్టాడు. ముందు వరుసలో ఆయన భార్య కూడా పగలబడి నవ్వుతోంది.

శాలువా కప్పాక మైకు రామ్‌దాస్‌కు ఇచ్చారు.

"నాకు మాట్లాడుడు రాదు" అన్నాడు మెల్లగా. పిల్లల వైపు చూశాడు, తర్వాత ఎస్తర్ వైపు తిరిగాడు. "గని మేడం అందరి ముచ్చట చెప్పింది, తన ముచ్చట చెప్పలె. రోజు 'ఇంట్ల పిల్లలకు' అని బజ్జీలు కట్టిచ్చుకుంటది. నిజామాబాద్ బస్సు రాకముందే పొట్లం ఖాళీ!"

ఈసారి నవ్వు బజారు దాకా వినిపించింది. ఎస్తర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. రానన్న మనిషి ఇప్పుడు మైకు వదిలేలా లేడని ఆమెకు ఎంత సంతోషమైందో చెప్పలేం. వెనక వరుసలో అంకిత బెంచీ ఎక్కి నిలబడింది.

"తాతా, ఇంకోటి చెప్పు!"