నుదుటి మీద పెట్టిన చెయ్యి

కునుకు ఎరుగని తండ్రికి స్తోత్రం. మనుషులు దీపాలార్పుకున్నాక కూడా ప్రతి మంచం దగ్గరా ఆగి చూసే ప్రభువుకు మహిమ. ఆయన చేసిన ఒక మేలును తలచుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

జర్మనీలోని హానోవర్‌లో నర్సింగ్ మొదటి ఏడాది చదువుతున్నప్పటి సంగతి. మాకు రాత్రి డ్యూటీలు కోర్సు సగం దాటాకే మొదలవుతాయి. ఒక్క రాత్రి చూస్తానని నేనే అడిగాను. నర్సును విడిచి ఎక్కడికీ వెళ్ళకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. బయల్దేరుతుంటే నా రూమ్మేట్, వరంగల్ అమ్మాయి, నవ్వింది.

“చీకట్ల బాత్రూంకే ఒక్కదానివి పోవు, నైట్ డ్యూటీ చేస్తవా? దయ్యమొస్తే టెర్మిన్ తీస్కొని రమ్మను!”

ఇక్కడ దేనికైనా ముందు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాల్సిందే మరి. నేనూ నవ్వాను. ట్రామ్ దిగేసరికి ఆ నవ్వు పోయింది.

మెడికల్ వార్డులో సాయంత్రం డ్యూటీవాళ్ళు ఒక్కో రోగి గురించి చెప్పి, కోట్లు వేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళతోపాటే మాటలన్నీ వెళ్ళిపోయినట్టయింది. మిగిలింది యాభై దాటిన ఒక జర్మన్ నర్సు, ఆమె వెనక నేను. పగలు ఎన్నోసార్లు నడిచిన వరండాయే. కానీ అందులో తెలుగులో ఒక్క మాట అనుకోవడానికి నాకు నేనే తప్ప ఎవరూ లేరు.

“టార్చి మొహం మీద వెయ్యకు, నేల మీద వెయ్యి. ఛాతీ లేస్తోందా, ఊపిరి ఎలా ఉంది, సెలైన్ పడుతోందా చూడు. ఊరికే ఎవర్నీ లేపకు. రోగికి నిద్ర కూడా మందే,” అంది నర్సు.

చివరి గదిలో ఒక ముసలాయన. న్యుమోనియా, షుగరు, కిడ్నీలు బలహీనం. వెనకా ముందూ ఎవరూ లేరు. కేస్ షీటులో ఎవరికి ఫోన్ చేయాలన్న చోట ఎవరి పేరూ రాయలేదు. సాయంత్రం ఇన్సులిన్ ఇచ్చారనీ, భోజనం ప్లేటు ఖాళీగా తిరిగి వచ్చిందనీ చెప్పి వెళ్ళారు. మేము ఆ గుమ్మంలో ఉండగానే ఎదురు గదిలో బెల్లు మోగింది.

“రెండు తలుపులూ తీసే ఉంటాయి. నువ్విక్కడే ఉండి చూస్తుండు,” అని ఆమె అటు వెళ్ళింది.

ఛాతీ లేచి పడుతోంది. ఊపిరి నిదానంగానే ఉంది. చూడటం వరకే అయితే నా పని అయిపోయింది. కానీ మా సంఘంలో రోగి పక్కన నిలబడితే చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోతుంది. పెద్దలు అలా చెయ్యి పెట్టి ప్రార్థించడం చూస్తూ పెరిగాను. ఆయన నిద్ర చెడకుండా, పెదవి కదపకుండా, మెల్లగా చెయ్యి ఆనించాను.

చెయ్యి తడిసింది. చల్లటి చెమట. దిండు కూడా తడిగా ఉంది.

లేపవద్దన్నారు. అయినా భుజం తట్టి పిలిచాను. ఏదో గొణిగాడు, కళ్ళు తెరవలేదు. మరోసారి గట్టిగా పిలిచాను. అదే గొణుగుడు. మంచం దగ్గరి ఎమర్జెన్సీ బటన్ నొక్కాను.

నర్సు పరుగున వచ్చింది. “షుగరు చూడు! నోట్లో మాత్రం ఏమీ పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది,” అంటూ ఆయన్ని పక్కకు తిప్పింది. వేలి చివర పక్కగా గుచ్చి, చుక్క తీశాను. కనీసం డెబ్బై ఉండాల్సింది నలభై కూడా లేదు. ఆ చల్లటి చెమట అందుకే. ఆమె డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తూనే గ్లూకోజు బయటికి తీసింది. డాక్టరు వచ్చి, చేతి సూది నరంలోనే ఉందో లేదో ముందు సెలైను ఎక్కించి చూసుకున్నాడు. అంత చిక్కటి గ్లూకోజు నరం దాటితే చుట్టూ కండ పాడవుతుంది. తర్వాత మెల్లగా ఎక్కించాడు.

ఆ కొద్ది నిమిషాలూ నేను ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఈయన వెళ్ళిపోతే ఏడ్చేవాళ్ళు కూడా లేరే, ప్రభువా, అనుకున్నాను.

కళ్ళు తెరిచాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, “ఇంతమందా? పోయాననుకున్నారా ఏంటి?” అన్నాడు. వెంటనే సొరుగు వైపు చెయ్యి చాచాడు. “నా రొట్టె ఎవరూ ముట్టుకోలేదు కదా?”

సొరుగులో నాప్కిన్‌లో చుట్టిన రెండు రొట్టె ముక్కలున్నాయి. రాత్రి ఆకలేస్తే ఉంటుందని దాచుకున్నాడట. చిన్నప్పటి నుంచీ అలవాటట. ప్లేటు ఖాళీ అయింది గానీ కడుపు నిండలేదు. ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

“ఇప్పుడు తినండి, నా కళ్ళ ముందు,” అంది నర్సు. మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టాం. ఆయన నమిలి మింగేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. పావుగంటకు మళ్ళీ షుగరు చూశాం. పెరిగింది. తెల్లవారేలోగా ఇంకా కొన్నిసార్లు చూశాం, ఆ ఇన్సులిన్ ప్రభావం అంత తొందరగా తగ్గదు కాబట్టి.

తర్వాత నర్సు అడిగింది, “ముట్టుకోమని నేను చెప్పలేదే?”

“ప్రార్థన చేద్దామని…”

“దేవుడి సంగతి నాకు తెలియదమ్మాయ్. కానీ రేపటి నుంచి నేనూ చెయ్యి పెట్టి చూస్తాను.”

పొద్దున ట్రాములో అందరూ ఫోన్లలో తలలు దించుకున్నారు. జరిగింది ఎవరికైనా చెప్పాలనిపించింది. గదికి వస్తే రూమ్మేట్ క్లాసుకు వెళ్ళిపోయింది. పొయ్యి మీద నాకోసం మూతపెట్టిన ఉప్మా చల్లారి ఉంది. తింటూ ఏడ్చాను. అరచేతిలో ఆ తడి ఇంకా ఉన్నట్టే అనిపించింది.

చదువుతున్న మీరు కూడా నాతో ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. ఈ రాత్రి ఫోన్ చేయడానికి ఎవరూ లేనివాళ్ళ నుదుటి మీద ఒక చెయ్యి పడాలని, మొదటిసారి ఆ చీకటి వరండాలో నడిచే పిల్లలకు భయం తీరాలని నాతో కలిసి అడగండి. ఆమేన్.