రెండో గుడ్డు

మా ఆవిడ పోయాక మా ఇంట్లో మొదట ఆగిపోయింది పొద్దుటి టిఫిను.

బహ్రెయిన్‌లో, మహూజ్ అనే పేటలో మా బిల్డింగు ముందుకి స్కూలు బస్సు ఆరుంపావుకి వస్తుంది. అమ్మాయి పదో తరగతి. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఆరింటికల్లా పెసరట్టు పళ్ళెంలో ఉండేది. నేను వేసిన అట్లు పెనానికే అంకితమయ్యేవి. ఊడొచ్చిన ముక్కల్ని అమ్మాయి పది రోజులు నోరు మూసుకుని తింది. తర్వాత "వద్దు నాన్నా, ఆకలి లేదు" అనడం మొదలుపెట్టింది. నేను నమ్మాను. నమ్మితే నాకో పని తప్పుతుంది కదా.

ఒకరోజు స్కూల్లో ప్రార్థన వేళ కళ్ళు తిరిగి పడిపోయింది. ఫోను వస్తే ఆఫీసు నుంచి పరుగెత్తాను. స్కూలు నర్సు ఒక్కటే అడిగింది, పొద్దున ఏం తిని వచ్చిందని. సిగ్గుతో చచ్చిపోయాను.

వండటం నా వల్ల కాదని ఆ రోజే తేలిపోయింది కాబట్టి కొనడం మీద పడ్డాను. పక్క సందులో ఖుబ్జ్ కాల్చే బేకరీ ఉంది. వంద ఫిల్సులిస్తే పొయ్యిలోంచి తీసిన రొట్టెలు ఇద్దరికి సరిపడా ఇస్తాడు. వేడిగా ఉన్నప్పుడు బాగుంటాయి గానీ, స్కూల్లో బ్రేకు టైముకి చెప్పు తోలులా సాగుతున్నాయంది అమ్మాయి. కోల్డ్ స్టోర్లో, అంటే ఇక్కడి కిరాణా కొట్లో, బన్నూ పాల ప్యాకెట్టూ కొనిస్తే రెండో పీరియడుకే మళ్ళీ ఆకలి. ఇడ్లీ కోసం మనామా పోయి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. చివరికి కళ్ళెదుటే ఉన్నది కనిపించింది. మా బిల్డింగు కిందే ఒక కఫ్తీరియా, మలయాళీలది, ఐదింటికే తెరుస్తారు.

పెనం దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అరవైకి దగ్గర. నేను నా ఆఫీసు హిందీలో ఎగ్ పరోటా చెబుతుంటే ఆయన నవ్వి, "తెలుగుల చెప్పుండ్రి సార్" అన్నాడు. జగిత్యాల దిక్కు మనిషి. పాతికేళ్ళుగా ఇక్కడే.

"ఎవరికి సార్, మీకేనా?"

"మా అమ్మాయికి. స్కూలుకి వెళ్ళాలి."

"గట్లయితె సాస్ ఎయ్య. తడిసి మెత్తగయితది. పచ్చి ఉల్లిగడ్డ గూడ వద్దు, బస్సుల వాసనొస్తది."

ఉల్లిపాయా పచ్చిమిరపా వేసి గిలకొట్టిన గుడ్డు పెనం మీద పోసి, దాని మీద పరోటా వేసి అదిమి, తిరగేసి, చుట్ట చుట్టాడు. దాన్ని రెండు ముక్కలు చేసి విడివిడిగా కాగితాల్లో చుట్టాడు. "ఒకటి బస్సుల తినమనుండ్రి. ఒకటి బ్రేకుల. రెండూ ఒక్కపారే విప్పితే రెండోది సల్లారిపోతది." రెండొందల యాభై ఫిల్సులు.

అమ్మాయి తింది. మర్నాడు నాకంటే ముందే కిందికి దిగింది. వారం తిరక్కుండానే ఆయన్ని తాతా అనడం మొదలుపెట్టింది. పొట్లం అందుకుని అరచేతిలో ఓసారి ఎగరేసి బరువు చూసేది. "తాతా, ఇవాళ లెక్కల పరీక్ష" అంటే, "అయితె ఇంకింత గట్టిగ తిను బిడ్డా" అనేవాడు. నెల తిరిగేసరికి దాని మొహం మీదికి కళ వచ్చింది. రాత్రి పడుకునేముందు చాలా రోజులకి నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

ఒక పొద్దున పెనం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన రెండు గుడ్లు కొట్టాడు. మేం ఇచ్చేది ఒక గుడ్డు రేటు. మర్నాడూ చూశాను, మళ్ళీ రెండే. నాకు చర్రుమంది. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ అందరూ జాలి పడేవాళ్ళే. పక్క ఫ్లాటువాళ్ళు కూర గిన్నెలు పంపుతారు, ఆఫీసులో గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇప్పుడు పరోటాలో కూడా జాలేనా? తినేదంతా కొనుక్కునే తినగలం అనుకున్నాను. ఆయనతో నేరుగా తెలుగులో చెప్పొచ్చు. చెప్పలేదు. మొహం చూస్తే మెత్తబడిపోతానని భయం. గల్లా దగ్గరున్న మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

నేను చెప్పాలనుకున్నవి రెండు వాక్యాలు. ఈయన రోజూ ఒక గుడ్డు ఎక్కువ వేస్తున్నాడు. దానికి కూడా డబ్బు తీసుకోండి. నా హిందీలో మొదటిది ఇలా వచ్చింది: "యే ఆద్మీ రోజ్ ఏక్ అండా ముఫ్త్ దేతా హై."

ముఫ్త్, అంటే కొట్టు గుడ్డు ఊరికే ఇచ్చేస్తున్నాడన్న మాట, వినగానే మేనేజరు మొహం మారిపోయింది. కుర్చీలోంచి లేచి పెనం వైపు తిరిగాడు. ఇంతలో బయట బస్సు హారను. అమ్మాయి పొట్లం బల్ల మీదే వదిలేసి పరుగెత్తింది. నేను పొట్లం పట్టుకుని దాని వెనకాల పరుగెత్తాను. రెండో వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి అరుపులు అయిపోయాయి. పెద్దాయన తలొంచుకుని పెనం గీకుతున్నాడు. రేపు సర్ది చెబుదాంలే అనుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆయన ఒక్క గుడ్డే కొట్టాడు. "ఇయ్యాల్టి సంది ఒక్కటే సార్" అన్నాడు, అంతే. కోపం లేదు ఆ గొంతులో. ఆ క్షణాన నోరు విప్పాల్సింది. మేనేజరు వింటున్నాడని ఒక సాకు, బస్సు వస్తోందని ఒక సాకు. అమ్మాయి పొట్లం ఎగరేసి చూసి, ఆయన వైపు చూసి, బస్సెక్కింది. అలాగే మూడు వారాలు గడిచాయి. రోజూ రేపు చెబుదామనే అనుకున్నాను.

శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు; ఒక ఆదివారం స్కూలు తెరిచిన పొద్దున పెనం దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. టీ కాచే బెంగాలీ అతన్ని అడిగాను, వాళ్ళంతా చాచా అని పిలిచే పెద్దాయన ఏడని.

"ఖలాస్" అన్నాడు.

ఇక్కడ టీ అయిపోయినా ఖలాసే, డ్యూటీ అయిపోయినా ఖలాసే, మనిషి పోయినా ఖలాసే. మా ఆవిడ పోయిన రోజు ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మాట కూడా నాకు అలాగే వినపడింది. అతను నా మొహం చూసి కంగారుగా, "నహీ నహీ, వీసా ఖలాస్. ఊరెళ్ళిపోయాడు" అన్నాడు. వీసా గడువు ఎలాగూ దగ్గర పడిందట. పొడిగించాలా వద్దా అని మేనేజరు ఊగిసలాడుతున్నాడట. గుడ్డు గొడవ తర్వాత వద్దనుకున్నాడట.

తర్వాత గ్లాసులు కడుగుతూనే ఇంకో మాట చెప్పాడు. పొద్దున పనివాళ్ళకి కొట్టు తరఫున రెండు పరోటాలు, ఒక గుడ్డు ఇస్తారు. చాచా తన గుడ్డు మా అమ్మాయి పరోటాలో వేసేవాడు. ఉత్త పరోటా చాయ్‌లో ముంచుకుని తినేవాడు. ఆ మాట మేనేజరుతో ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్పాడు. మేనేజరు నమ్మలేదు. కస్టమరే చెప్పాడుగా, ముఫ్త్ అని" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మాయిని కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. దాచే హక్కు నాకు లేదనిపించింది. అది ఏడవలేదు. "తాత ఫోన్ నంబరుందా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. నెల పైన రోజూ నా కూతురి కడుపు నింపిన మనిషి పేరు కూడా నేను అడగలేదు.

మర్నాడు కొత్త మనిషితో దగ్గరుండి రెండు గుడ్లు వేయించాను. రెండింటికీ డబ్బిచ్చాను. సాస్ వద్దన్నాను, రెండు ముక్కలు చేయించాను, విడివిడిగా చుట్టించాను. బస్సు మెట్టు దగ్గర అమ్మాయి చేతిలో పెట్టాను. అది ఎగరేసి చూడలేదు. నెమ్మదిగా తిరిగి నా చేతిలోనే పెట్టేసింది.

"వద్దు నాన్నా, ఆకలి లేదు" అంది.

ఈసారి నేను నమ్మలేదు. కానీ బస్సు కదిలిపోయింది.