ఇరవై శాతం, రెండు షట్టర్లు

బేరమాడకుండా నేను డబ్బిచ్చింది రైలు టిక్కెట్టుకి ఒక్కదానికే. అది కూడా అవతలివాడు గాజు అద్దం వెనకాల ఉంటాడు కాబట్టి. విజయనగరంలో బట్టల కొట్టువాళ్ల పిల్లని. మా ఇంట్లో పిల్లలకి అక్షరాభ్యాసం కంటే ముందు "ఎంతకిస్తావు?" వచ్చేది. పెద్దయ్యాక ఇదో గౌరవంలాగా మారింది. చుట్టాల్లో ఎవరైనా స్థలం కొన్నా, గేదెని కొన్నా నన్ను వెంట తీసుకెళ్లేవారు. బేరం తెగాక అవతలివాళ్లు నాకేసి చూసే చూపు నాకు ఇష్టమని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మా బావ ఫోన్ చేసింది అందుకే. గరివిడి ప్లాంటులో ఎలక్ట్రీషియనుగా చేసి అప్పుడే రిటైరయ్యాడు. రాష్ట్రం విడిపోయిన ఏడు. స్టేషన్ రోడ్డులో రెండు షట్టర్ల గది ఒకటి అద్దెకి తీసుకుని మోటారు వైండింగ్ షాపు పెట్టాడు. ఆ గది సొంతదారు ఒక రిటైర్డ్ మేస్టారు. గది అమ్ముతానన్నాడు. ఇప్పుడు యాభై వేలు బయానా, అది కాక అయిదేళ్ల తరవాత పదిహేను లక్షలు. అప్పటికి ఇవ్వలేకపోతే బయానా పోతుంది, గదీ ఖాళీ చెయ్యాలి. సోమవారం అగ్రిమెంటు.

"పదిహేను లక్షలు ఎక్కడ్నించి తెస్తావు బావా?" అన్నాను, వాళ్లింటికెళ్లి కూర్చున్న వెంటనే.

"నీకెందుకే మరదలా, కాగితం సదివి మేస్టారికాడ ఓ లక్ష తగ్గించు సాలు. డబ్బు సంగతి నేను సూసుకున్నాను." అని ఒక రంగుల కాగితం నా ఒళ్లో వేశాడు. మా అక్క వంటింట్లోంచే "దాన్నే నమ్ముకున్నాడు తల్లీ, దేవుడి పటానికి పక్కనెట్టాడు" అంది.

ఏదో డిపాజిట్ కంపెనీ బ్రోచర్. పైన పెద్ద అక్షరాలతో "సంవత్సరానికి 20% వృద్ధి" అని ఉంది. దాని వెనకాల ఖాళీ జాగాలో బావ పెన్సిల్ లెక్క. రిటైరైనప్పుడు చేతికొచ్చిన ఆరు లక్షలు వేస్తే మొదటి ఏడు ఏడు లక్షల ఇరవై వేలు. రెండో ఏడు ఎనిమిది లక్షల అరవై నాలుగు వేలు. అలా అయిదో ఏటికి పద్నాలుగు లక్షల తొంభై రెండు వేల తొమ్మిది వందల తొంభై రెండు. పదిహేను లక్షలకి ఏడు వేలు తక్కువ. లక్ష అన్నాడు గానీ, మేస్టారి దగ్గర నేను తగ్గించాల్సింది నిజానికి ఆ ఏడు వేలే. నా స్థాయికి అంత చిన్న పనా అనిపించి కొంచెం నొచ్చుకున్నాను కూడా.

లెక్క మాత్రం తప్పు లేదు. మా పద్ధతే అది. మా కొట్లో ఎవరికైనా అప్పిస్తే నాన్న ఏడాదికోసారి నోటు తిరగరాయించేవాడు. తిరగరాసినప్పుడు పాత వడ్డీ కూడా అసలులో కలిసిపోతుంది. ఆ తరవాత దాని మీద కూడా వడ్డీ. కొత్తల్లుడిగా ఆదివారాలు మా కొట్లో కూర్చుని బావ ఆ విద్య పట్టేశాడు. శాతం అన్నారంటే ఆయన చెయ్యి దానంతటదే నోటు తిరగరాస్తుంది.

నేనూ తలూపేసేదాన్నే. అలవాటుగా కాగితం తిరగేశాను. బట్టలు కొన్నా లోపలి కుట్టు చూస్తాను, అది నా జబ్బు. లోపలి పేజీలో ఒక చిన్న ఉదాహరణ: "ఒక లక్ష అయిదేళ్లలో రెండు లక్షలు."

రెండు లక్షలా? నా ఫోన్లో ఒకటి పాయింటు రెండుని అయిదుసార్లు హెచ్చవేశాను. లక్షకి రెండు లక్షల నలభై ఎనిమిది వేల ఎనిమిది వందల ముప్పై రెండు రావాలి. నాలుగో ఏడు నిండేసరికే రెండు లక్షలు దాటిపోతోంది. మరి అయిదో ఏడు ఏమైనట్టు?

"బావా, నీ ఆరు లక్షలకి వీళ్లు పన్నెండే ఇస్తామంటన్నారు."

"పోవే! ఇరవై శాతం అని అంత పెద్దగా రాసుంటే."

"పెద్దగా రాసింది వాళ్లు. చిన్నగా రాసింది కూడా వాళ్లే. చిన్నగా రాసిందే సూడు."

బావ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. మళ్లీ నా మొహం చూశాడు. బేరంలో నేను ఆడే నాటకమేదో తన మీద ఆడుతున్నాననుకున్నట్టున్నాడు. "ఆ కుర్రోణ్ణి పిలుస్తాను, నువ్వే అడుగు" అన్నాడు.

ఏజెంటు బావతో కలిసి పనిచేసినాయన అల్లుడు. మంచి మర్యాదస్తుడు. బండి దిగుతూనే మా అక్కకి దణ్ణం పెట్టాడు. నా ప్రశ్న విని నవ్వేశాడు.

"అక్కా, సింపుల్ కదా. లక్షకి లక్ష లాభం. అయిదేళ్లు. లక్షని అయిదుతో భాగించండి. ఏడాదికి ఇరవై వేలు. ఇరవై శాతం. తప్పేటుంది?"

భాగహారం తప్పు లేదు. ఇలాంటప్పుడు గొంతు పెంచితే బేరం పోతుంది.

"సరే తమ్ముడూ. మొదటి ఏడు ఇరవై వేలు మా బావ సేతికి ఇచ్చేస్తారా?"

"లేదక్కా. అన్నీ కలిపి ఆఖర్నే."

"అయితే అది మీకాడే ఉంటాది."

"మాకాడే."

"రెండో ఏడు దాని మీద ఏటైనా వస్తాదా?"

"వడ్డీ అసలు మీదే అక్కా. లక్ష మీదే."

"అంటే మా ఇరవై వేలు మీ కంపెనీలో నాలుగేళ్లు కూలి లేకుండా పనిసేస్తాది. రెండో ఏటి ఇరవై వేలు మూడేళ్లు. బాగుందయ్యా, మా కొట్లో జీతగాళ్లకి కూడా ఇంత అన్యాయం సెయ్యలేదు."

అక్క వంటింట్లో కిసుక్కుమంది. కుర్రాడికి నవ్వు రాలేదు. బ్రోచర్ తనదేమీ కాదని, పైనుంచి వచ్చిందని అన్నాడు. అది నిజమే అయ్యుంటుంది.

"ఒక పని సెయ్యి. ఇరవై మాట నిజమైతే పద్నాలుగు లక్షల తొంభై రెండు వేలని రాసి స్టాంపేయించు. పన్నెండు లక్షలే నిజమైతే, ఇరవై కొట్టేసి అసలు శాతం ఎంతో రాయి."

"అసలు శాతం అంటే ఎంతక్కా?"

అతనికి నిజంగానే తెలియదు. ఇద్దరం కలిసి వెతికాం. పద్నాలుగుతో తిరగరాస్తే లక్ష రూపాయలు అయిదేళ్లకి ఒక లక్షా తొంభై రెండు వేల దగ్గర ఆగిపోయింది. పదిహేనుతో రెండు లక్షల పదకొండు వందలు దాటింది. అంటే పదిహేనుకి ఓ పిసరు తక్కువ. ఇరవై కాదు.

బావ మొండివాడు. "పదిహేనైతే మాత్రం? బ్యాంకు తొమ్మిది కంటే నయమే కదేటి?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. నేను కాదనలేదు. కాకపోతే అట్ట మీద కింద, చీమలు పాకినట్టున్న అక్షరాల్లో "పై రాబడి సూచన మాత్రమే, హామీ కాదు" అని ఉంది. అది పైకి చదివాను. పన్నెండు లక్షలకి కూడా మాట లేదన్నమాట. మేస్టారి అగ్రిమెంటుకి మాత్రం మాట ఉంది, గడువుంది, బయానా పోవడం ఉంది.

కుర్రాడు వెళ్లాక బావ తన పెన్సిల్ లెక్క మళ్లీ మొదట్నించీ వేసుకున్నాడు. తరవాత నా మీదే విరుచుకుపడ్డాడు. "ఒసే, నిన్ను లక్ష తగ్గించమని పిలిస్తే మూడు లక్షలు పోగొట్టావు కదే!"

"ఆ మూడు లక్షలు లేనివి బావా. లేనివి పోగొట్టడం నాకూ కొత్తే."

రెండు షట్టర్లూ ఆయన కళ్లలో అప్పటికే పైకి లేచున్నాయి. ఒకదాంట్లో వైండింగ్, ఇంకోదాంట్లో పంపుసెట్ల అమ్మకం, పైన బోర్డు. అవి దింపడం నాకూ కష్టంగానే ఉంది. కానీ సోమవారం లోపల బ్యాంకు తెరిచుండేది ఒక్క శనివారమే. పొద్దున్నే ఆయన్ని బ్యాంకుకి లాక్కెళ్లాను.

అక్కడ కౌంటరులో అమ్మాయిని అడిగాను, శాతం ఎంత అని కాదు, అయిదేళ్ల చివర ఎంత చేతికిస్తారని. అరవై నిండినవాళ్లకి అర శాతం ఎక్కువట, తొమ్మిదిన్నర. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుందట.

"సీనియర్ సిటిజన్ అని రాయాలా సార్?" అందా అమ్మాయి.

బావ గతుక్కుమన్నాడు. "నేనేటి ముసలోణ్ణా?"

"అర శాతానికి అయిపో బావా" అన్నాను. "బయటికెళ్లాక మళ్లీ కుర్రాడివైపోదువు గానీ."

ఆరు లక్షలకి తొమ్మిది లక్షల యాభై తొమ్మిది వేల చిల్లర. పన్ను కొయ్యకుండా ఏటా ఒక కాగితం ఇస్తే చాలన్నారు, ఆయన ఆదాయం పన్నుకి అందదు కాబట్టి. ఇంకో అర శాతం పెంచమని మేనేజరుని కూడా అడిగాను. ఆయన నవ్వాడు. అది నేను ఓడిపోయిన బేరాల్లో ఒకటి. రెండు రోజులు మనసులో ఉండిపోయింది.

డిపాజిట్ వేసి, ఆ అంకె పట్టుకుని మేస్టారింటికి వెళ్లాం. రెండు షట్టర్లు వద్దు, మధ్యలో గోడ పెట్టి ఒకటే అమ్మండి అన్నాను. సగానికి సగం ఏడున్నర అన్నాను. ఆయన పదకొండన్నాడు. మూల మీదిది, రోడ్డు వైపుది అన్నాడు. రోడ్డు వైపుది కాబట్టే దుమ్మంతా లోపలికొస్తుందన్నాను. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. తాగుతూ ఎనిమిదన్నాను. ఆయన పదిన్నరన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్లాను. మామూలుగా అక్కడ వెనక్కి పిలుస్తారు. మేస్టారు పిలవలేదు, పేపరు తీసి చదువుకుంటున్నాడు. జీవితంలో మొదటిసారి నేనే వెనక్కొచ్చి కూర్చున్నాను. బావ ఆ దృశ్యానికి ఎంత సంతోషించాడంటే, ఇవాళ్టికీ పెళ్లిళ్లలో నటించి చూపిస్తాడు.

తొమ్మిదిన్నర దగ్గర తెగింది. యాభై వేలు బయానా పోను తొమ్మిది లక్షలు. డిపాజిట్ కాగితం మీద అచ్చయిన అంకెకి లోపలే. అగ్రిమెంటు రాసే ఆయన "తగిన వడ్డీతో" అనే మాటేదో అలవాటుగా ఇరికించబోతే ఆపించాను. శాతాలు వద్దు, రూపాయలు రాయండి అన్నాను.

ఆ కంపెనీ తరవాత ముంచిందో పంచిందో నాకు తెలియదు. వాకబు చెయ్యలేదు. ముంచిందని తేలితే నేను జ్యోతిష్యురాలినయ్యేదాన్ని, పంచిందని తేలితే బావ నన్ను బతకనిచ్చేవాడు కాదు. నా తగువు కంపెనీతో కాదు, ఇరవై అనే మాటతో.

అయిదేళ్లు నిండాక డిపాజిట్ తీశాం. మేస్టారికి తొమ్మిది లక్షలు పోగా మిగిలిన యాభై తొమ్మిది వేలు రిజిస్ట్రేషనుకి చాలలేదు. అక్క బియ్యం డబ్బాలోంచి ఇంకొంత తీసింది. ఆఫీసు నించి తిన్నగా షాపుకి వచ్చాం. పక్క షట్టరు అప్పటికి ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను అద్దెకి తీసుకున్నాడు. బావ తన షట్టరు ముందు నిలబడి రెండింటినీ ఓసారి చూశాడు. ఏదో అంటాడేమోనని సిద్ధంగా ఉన్నాను.

"మూల మీదిది మనదే కదేటే" అన్నాడు. తాళం తీసి, కాలిపోయిన మోటారొకటి ముందుకి లాక్కుని కూర్చున్నాడు.