టైము వేసి రాసుకున్న వ్యాకరణం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే అందరూ తమ భుజాలు తడుముకుంటారు. నేను ఎదుటివాళ్ళ భుజాలు చూస్తాను. నా అనుమానం అలాంటిది.

టాటానగర్ దగ్గర అగ్రికో కాలనీలో మా క్వార్టర్ వరండాలో ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. ఏళ్ల తరబడి చేత్తో రాసుకున్న నోట్సే నా బతుకుతెరువు. ఆ ఏడు పక్కనే ఉన్న భుయ్యాడీహ్‌లో ఎవరో కోచింగ్ సెంటర్ తెరిచారు. నా పిల్లలు ఒక్కొక్కరే అటు జారుకుంటున్న రోజుల్లో ఆవిడ వచ్చింది. నలభై దగ్గర్లో ఉంటుంది. గోడ పట్టుకుని మెట్లెక్కింది.

"టాటానగర్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్ డ్యూటీ మేడమ్. మోకాలు అరిగిపోనాది. క్లర్కు పరీచ్చ రాత్తన్నా, ఇదే ఆఖరి మౌకా, ఇంకో ఛాన్సు నేదు. పాసవకపోతే మళ్ళీ ఆ కంకర మీదే నడవాల. ఈ గ్రామరు బుక్కులో ఆగ్జిలరీ, జెరండ్ అనే పేర్ల కాడే అటక్ గయా, బండి ముందుకి కదలట్నేదు," అంది.

నేను నమ్మలేదు. పరీక్షకి చదివేవాళ్ళు వాక్యాలు దిద్దమంటారు గాని, పేర్లు మాత్రమే అడుగుతారా? పైగా ఒకరోజు పొద్దున్న, ఒకరోజు సాయంత్రం వచ్చేది. షిఫ్టు అనేది. నేను చెప్పిన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పి, "సరేనా మేడమ్?" అనేది. నేను సరే అన్నాకే చిన్న పుస్తకంలో రాసి, పక్కన టైము వేసేది. నా పాఠాలు ఆ కోచింగ్ సెంటర్‌కి మోసి లెక్క చెప్పడానికేనా ఈ టైము!

అయినా మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పాను. 'ద ట్రెయిన్ హేజ్ లెఫ్ట్' అంటే, వెళ్ళడమనే అసలు పని 'లెఫ్ట్' చెబుతుంది. ఆ పని అప్పటికే అయిపోయిందని చెప్పడానికి 'హేజ్' సాయం వస్తుంది. ఆ సాయానికొచ్చిందే ఆగ్జిలరీ.

"బండికి ఎనకాల ఇంకో ఇంజనెట్టి తోసినట్టా?"

"అంతే," అన్నాను. ఇష్టం లేకపోయినా నవ్వొచ్చింది.

మర్నాడు క్లాజ్. ఎవరో, ఏం చేశారో రెండూ ఉన్న మాటల గుంపు. 'వెన్ ద సిగ్నల్ టర్న్స్ గ్రీన్, ద ట్రెయిన్ మూవ్స్'లో రెండున్నాయి. మొదటిది ఒంటరిగా నిలబడదు, రెండోది నిలబడుతుంది. ఆ తర్వాత మాడిఫయర్. ఉత్త జెండా కాదు, ఎర్ర జెండా. ఉత్తినే నడవలేదు, మెల్లగా నడిచింది. ఆ 'ఎర్ర', ఆ 'మెల్లగా' మాడిఫయర్లు. అన్నీ అప్పజెప్పింది, రాసుకుంది, టైము వేసింది.

ఆ వారం మరో ఇద్దరు పిల్లలు మానేశారు. నా నోట్సు ఎవరి చేత్తో గడప దాటుతోందో నాకు రూఢి అయిపోయింది. ఉచ్చు పన్నాను.

జెరండ్ అడిగిన రోజున, "మాట చివర ఐఎన్‌జీ ఉంటే చాలు, అది జెరండే," అన్నాను. శుద్ధ తప్పు. 'వాకింగ్ ఈజ్ గుడ్'లో వాకింగ్ జెరండ్, ఎందుకంటే అక్కడ అది 'నడవటం' అనే పేరులా పనిచేస్తోంది. 'షీ ఈజ్ వాకింగ్'లో కాదు, అక్కడ ఆవిడ నడుస్తోంది, అంతే. ఈ తప్పు సెంటర్ నోట్సులో కనబడితే దొంగ దొరికినట్టే. ఆవిడ మూడుసార్లు అప్పజెప్పింది. మూడుసార్లూ సరే అన్నాను.

నాలుగు రోజులకి ఓ పిల్ల ఆ సెంటర్ నోట్సు తెచ్చి చూపించింది. జెరండ్ సరిగ్గానే ఉంది. మిగతాది కూడా బిష్టుపూర్ బజారులో అమ్మే గైడుకి మక్కీకి మక్కీ నకలు. నా ముక్క ఒక్కటీ లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆవిడ పరీక్ష మర్నాడే.

ఆ సాయంత్రం ఆవిడ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. "జెరండ్ పొరపాటున తప్పు చెప్పానమ్మా," అని సరైనది చెప్పాను.

ఆవిడ పుస్తకం తిప్పింది. "నాలుగూ పది. మూడుసార్లు సెప్పినాను, మీరు సరే అన్నారు." తలెత్తి నన్ను చూసింది. "యార్డు మాస్టరు ఇచ్చిన ఆర్డరు మేం తిరిగి సెప్పాల మేడమ్. ఎందుకో తెలుసా? తప్పు సెప్పినోడికి ఆడి మాట ఆడికి ఇనబడాలని. మీకు ఇనబడనేదా?"

వినబడింది. అంతా చెప్పేశాను, ఉచ్చుతో సహా.

ఆవిడ తిట్టలేదు. పాత లైను కొట్టేసి, నా ముందుకు జరిపి, "కొట్టేసినకాడ సంతకం ఎట్టండి," అంది. పెట్టాను.

తర్వాత సంచీలోంచి గ్రామరు బుక్కు తీసి ఒళ్ళో తెరుచుకుంది.

"ఇప్పుడు మొదట్నించీ మీరు అప్పజెప్పండి."

ఆగ్జిలరీ, క్లాజ్, మాడిఫయర్, జెరండ్ వరసగా అప్పజెప్పాను. ఆవిడ బుక్కులో వేలు పెట్టి సరిచూసుకుంటూ వింది. ఒక్కదానికీ 'సరే' అనలేదు.